పన్నెండు కాయిళ్ళు, మూడు కొసర్లు

నూజివీడు చుట్టుపక్కల మోటారు కాలిపోయిన ప్రతి రైతూ ఒక్కసారైనా తొక్కిన గుమ్మం బసవపున్నారావుది. బస్టాండుకి కాస్త ఎడంగా, సోడా కొట్టుకీ పంక్చర్ల కొట్టుకీ మధ్య ఇరుక్కున్న వైండింగు షాపు అది. లోపల ఇద్దరు నిలబడితే మూడోవాడు వీధిలో నిలబడే మాట్లాడాలి. పేరు మాత్రం బోర్డు పట్టనంత పొడుగు. అందుకని బోర్డు రాసినవాడు 'బసవ' తీసేసి 'పున్నారావు వైండింగ్ వర్క్స్' అని రాసి చేతులు దులుపుకున్నాడు. ఊరంతా ఆయన్ని మేస్త్రి గారనే పిలిచేది, అందుచేత బోర్డు గురించి ఎవరికీ పట్టింపు లేదు.

ఆయనకి ఒక అలవాటుంది. కొసరు వేస్తే గాని ఆయన చేతికి పని పూర్తయినట్టు ఉండదు. వార్నీషు ఒక పూత చాలంటే రెండో పూత వేసేవాడు. బేరింగులో గ్రీజు నిండాక ఇంకో వేలెడు పూసేవాడు. బయటికి తీసే వైరు జానెడు చాలంటే మూరెడు వదిలేవాడు. "అడక్కుండా ఇచ్చిందే గదండీ కొసరంటే. అడిగాక ఇస్తే అది బేరం," అనేవాడు. చుట్ల లెక్క దగ్గర మాత్రం ఈ ధారాళం సాగదని ఆయనకి తెలుసు. మోటారులో చుట్లు లెక్క ప్రకారం పడాల్సిందే. మరి అంత తెలిసిన మనిషి యాభై రెండో ఏట, మామిడిపళ్ళ దగ్గర ఎలా బోల్తా పడ్డాడో చెప్పాలంటే ముందు ఆయన కుడిచేతి మణికట్టు గురించి చెప్పాలి.

ఆ మణికట్టు కొంచెం వంకర. అప్పటికి ఏడేళ్ళ క్రితం దానికి ఆగిరిపల్లి దగ్గర ఒక తోటలో దెబ్బ తగిలింది. వానకి తడిసిన స్టార్టరు పెట్టె మూత తీసి లోపల చెయ్యి పెట్టాడు మేస్త్రి. కరెంటు లేదని తోటమాలి చెప్పిన మాట నమ్మాడు. ఉన్న కరెంటు ఆయన చేతిని పట్టుకుంది. అరుద్దామంటే గొంతు రాలేదు, లాక్కుందామంటే చెయ్యి రాలేదు. అటుపక్క చెట్ల కింద రాలిన పిందెలు ఏరుతున్న కూలిమనిషి ఒకామె చూసింది. ఒంటి మీద చెయ్యి వెయ్యలేదు, కేకలు పెడుతూ ఊళ్ళోకి పరిగెత్తనూ లేదు. పక్కనే ఉన్న ఎండు మామిడికొమ్మ తీసి ఆ మణికట్టు మీద ఒక్కటి వేసింది. ఎముక చిట్లింది, మేస్త్రి బతికాడు.

ఆమె పేరు లేయా. ఆ ఊరి క్రైస్తవుల పేటలో ఉంటుంది, మొగుడు అప్పారావుతో కలిసి తోటల్లో పనికి వెళుతుంది. కట్టు కట్టించుకుని నాలుగో రోజు వెళ్ళి మేస్త్రి ఆమెకి దణ్ణం పెట్టబోతే, "ఊరుకోండి మేస్త్రి గారూ, గొడ్డు గోతిలో పడితే లాగమా ఏంటి," అనేసి గంప నెత్తికెత్తుకుంది. మనిషిని గొడ్డుతో పోల్చినందుకు ఆయనకి కోపం రాలేదు. కృతజ్ఞత మాత్రం గొంతులోనే ఉండిపోయింది. అప్పటినుంచి ఆమె ఇంటి ఫ్యాను, ఆ పేట చర్చి మైకు, ఆమె చెల్లెలి మిక్సీ, ఏది కాలినా మేస్త్రి దగ్గరికే వచ్చేవి, రెండు పూతల వార్నీషుతో తిరిగి వెళ్ళేవి. ఎన్ని పూతలు వేసినా ప్రాణానికి సరిపోతాయా? సరిపోలేదని ఆయన మనసు పీకుతూనే ఉండేది.

ఎనభై ఆరు వేసవికి లేయా జీవితంలో మొదటిసారి ఒక తోట కౌలుకి తీసుకుంది. ముప్పై అయిదు బంగినపల్లి చెట్లు. ఇరవై ఏళ్ళు ఇంకొకళ్ళ చెట్లు దులిపిన మనిషి, ఈసారి తన చెట్ల కింద తాను మంచం వేసుకుంది. కాపు బాగా వచ్చింది. అయితే ఆ ఏడు పూతప్పుడు మంచు పడి, కాయ మీద మచ్చ తెగులు సూచన కనపడింది. కోసినప్పుడు కాయ నిగనిగలాడుతుంది, వారం తిరిగేసరికి నల్లమచ్చలు తేలతాయి. అంతకు ముందు ఏడు నూజివీడు వ్యాపారి ప్రభాకరరావు బొంబాయి పంపిన సరుకంతా అలాగే నల్లబడి, అక్కడి ఎగుమతిదారు మొహం తిప్పుకున్నాడు.

ఈసారి ఆ ఎగుమతిదారు ఒక కాగితం పంపాడు. కాయని యాభై రెండు డిగ్రీల వేడినీళ్ళలో పది నిమిషాలు ఉంచి తీస్తే తెగులు తోలులోనే చస్తుందట. యాభై కంటే తగ్గితే తెగులు చావదు, బాగా పెరిగితే కాయ ఉడుకుతుంది. ముందు నాలుగు బుట్టలు నమూనా పంపండి, మచ్చ రాకపోతే తోట మొత్తం తీసుకుంటాను అని రాశాడు. ప్రభాకరరావు షెడ్డు ఆగిరిపల్లి రోడ్డు మీద ఉంది. దానికి దగ్గరగా ఉన్నది లేయా తోట. తొడిమ విరక్కుండా కాయ కొయ్యడంలో ఆమెని మించినవాళ్ళు లేరు. నమూనా ఆమె తోట నుంచే అని ఖాయమైంది. నమూనా నెగ్గితే ఆమె కాపంతా బొంబాయికే. నెగ్గకపోతే రోడ్డు పక్క కుప్ప పోసుకోవాలి, వచ్చే ఏడు తోట ఆమెకి దక్కదు. తోట ఆసామి ఆ మాట మొహం మీదే చెప్పాడు.

గాడిపొయ్యి మీద గంగాళం పెట్టి ప్రభాకరరావు ఒకసారి ప్రయత్నించాడు. అడుగున సలసల, పైన గోరువెచ్చన. అప్పుడు మేస్త్రికి కబురు చేశాడు.

"పున్నారావ్, గొట్టంలో ఒక పక్కనుంచి బోరు నీళ్ళు పోతుండాలి, రెండో పక్కనుంచి యాభై రెండు డిగ్రీలతో తొట్టిలో పడుతుండాలి. బాయిలరు పెట్టే స్తోమత నాకు లేదు. కరెంటుతో అవుద్దా?"

"ఎందుకవదండీ? స్టీలు గొట్టానికి మైకా చుట్టి, దాని మీద కరెంటు పొయ్యిల్లో వేసే నైక్రోమ్ తీగ చుడతాను. ఎవరి కోసమండీ?"

"ఎవరి కోసమేంటి, లేయా తోట కాయలకి."

ఆ పేరు విన్నాక మేస్త్రి ఇంకేం అడగలేదు. కానీ గొట్టం ఎంత పొడుగు కావాలన్నది పెద్ద చిక్కైంది. కుర్రతనంలో ఆయన ఒక చక్కెర మిల్లులో పనిచేశాడు. అక్కడ చెరుకురసం గొట్టం చుట్టూ ఆవిరి ఉండేది. రసం మొదటి బారలో గబగబా వేడెక్కేది, చివరికి వచ్చేసరికి మొరాయించేది. ఆఖరి పది డిగ్రీలకి మొదటి ముప్పై డిగ్రీలకి పట్టినంత గొట్టం పట్టేది. ఆ లెక్కన చూసుకుంటే పన్నెండు మీటర్లైనా కావాలని తోచింది. షెడ్డులో గోడ పొడుగే ఎనిమిది మీటర్లు.

ఆ సమయానికి రాజ్యలక్ష్మి సెలవులకి ఊరొచ్చి ఉంది. మేస్త్రి పెద్దన్నయ్య కూతురు. బెజవాడలో పాలిటెక్నిక్‌లో మెకానికల్ పాఠాలు చెబుతుంది. చిన్నప్పుడు ఈ షాపులోనే పాత బేరింగుల్లో గోళీలు తీసుకుని ఆడుకున్న పిల్ల. ఆమె బాబాయ్ గీసిన పన్నెండు మీటర్ల బొమ్మ చూసి నవ్వింది.

"ఇది ఆవిరి లెక్క బాబాయ్. నీది తీగ లెక్క. రెండూ ఒకటి కాదు."

"వేడి వేడే కదా అమ్మాయ్?"

"కాదు. ఆవిరి ఎప్పుడూ తన వేడి దగ్గరే నిలబడి ఉంటుంది. నీళ్ళు దాని దగ్గరికి వచ్చేకొద్దీ తీసుకునేది తగ్గిపోతుంది. అందుకే చివర్లో మొరాయిస్తుంది. నీ తీగ అలా కాదు. నీళ్ళు చల్లగా ఉన్నా వెచ్చగా ఉన్నా, మీటరుకి ఎన్ని వాట్లు చుట్టావో అన్నీ నీళ్ళలోకి తోసేస్తుంది. గొట్టం గోడ కూడా నీళ్ళతో పాటే వేడెక్కుతూ, ఎప్పుడూ నీళ్ళ కంటే ఓ పదీ పదిహేను డిగ్రీలు ముందుంటుంది. మొదటి మీటరు ఎంత ఇస్తే ఆఖరి మీటరూ అంతే ఇస్తుంది."

మేస్త్రి నమ్మలేదు. చదువుకున్న పిల్ల చెప్పింది కాబట్టి కాదనలేదు. అంతే. "సరే, చూద్దాం," అన్నాడు.

చూడ్డానికి ముందు లెక్క కట్టారు. షెడ్డు పైన డ్రమ్ములో నీటిమట్టం ఎప్పుడూ ఒకేలా ఉండేటట్టు బంతి వాల్వు పెట్టారు. కింద కుళాయి తిప్పి, పన్నెండు లీటర్ల బకెట్టు సరిగ్గా రెండు నిమిషాల్లో నిండేలా సరిచేశారు. అంటే నిమిషానికి ఆరు కిలోల నీళ్ళు, సెకనుకి నూరు గ్రాములు. కిలో నీళ్ళు ఒక్క డిగ్రీ పెరగడానికి నాలుగు వేల రెండు వందల జౌల్స్ వేడి కావాలి, కాబట్టి ఈ ధారని ఒక్క డిగ్రీ పెంచడానికి నాలుగు వందల ఇరవై వాట్లు. బోరు నీళ్ళు ఇరవై ఎనిమిది డిగ్రీలు. యాభై రెండుకి చేరాలంటే ఇరవై నాలుగు డిగ్రీలు ఎక్కాలి.

తీగని ఎంత దగ్గరగా చుట్టొచ్చో మేస్త్రికే తెలుసు. మైకా మాడకుండా, చుట్టుకీ చుట్టుకీ ఒకే ఎడంతో, అరమీటరుకి ఎనిమిది వందల నలభై వాట్ల కాయిల్ ఒకటి వేయగలనన్నాడు. అరమీటరుకొక కాయిల్, ఒక్కొక్కటి విడిగా కరెంటుకి కలపాలి. అంటే కాయిల్‌కి రెండు డిగ్రీలు. పన్నెండు కాయిళ్ళకి ఇరవై నాలుగు. పన్నెండు అరమీటర్లంటే ఆరు మీటర్లు.

"ఆరేనా!" అన్నాడు మేస్త్రి.

"ఆరే. మూడు ఫేజులకి నాలుగేసి కాయిళ్ళు, సమంగా పడ్డాయి చూశావా," అంది రాజ్యలక్ష్మి.

మూడు రోజుల్లో గొట్టం తయారైంది. అరమీటరు కాయిల్ చుట్టి, దాని మీద ఆస్‌బెస్టాస్ తాడు బిగించి, వేడి బయటికి పోకుండా మందంగా కప్పాడు. ఊళ్ళో కరెంటు వోల్టేజి సంగతి దేవుడికెరుక కాబట్టి ప్రభాకరరావు జనరేటరు మీదే నడపాలనుకున్నారు. ముందు నీళ్ళు, తరవాతే స్విచ్చి అని రాజ్యలక్ష్మి పదిసార్లు చెప్పింది. నీళ్ళు ఆగినా తీగ ఆగదు, ఇచ్చే వేడి ఇస్తూనే ఉంటుంది, గొట్టం ఎర్రబడి కాలిపోతుందని భయపెట్టింది.

మొదట నాలుగు కాయిళ్ళు కలిపి చూశారు. గొట్టం చివర థర్మామీటరు ముప్పై ఆరు చూపించింది. ఎనిమిది కలిపారు, నలభై నాలుగు. పన్నెండు కలపగానే మేస్త్రి థర్మామీటరు మీదికి వంగాడు. చక్కెర మిల్లు లెక్కన ఇక్కడ మొరాయించాలి. పాదరసం మెల్లగా పాకి యాభై రెండు దగ్గర ఆగింది. ఎనిమిదీ ఎనిమిదీ ఎనిమిదీ. మెట్లన్నీ ఒకే ఎత్తు. ముప్పై ఏళ్ళు మోసిన భారం దించినట్టనిపించి మేస్త్రి గొట్టాన్ని ఒకసారి పైపైన నిమిరాడు.

"నీకు చదువు చెప్పించిన మా అన్నయ్య చల్లగా ఉండాలమ్మా," అన్నాడు. ఆ మాట గుండెల్లోంచి వచ్చింది. రాజ్యలక్ష్మి ఆ సాయంత్రం బస్సుకి బెజవాడ వెళ్ళిపోయింది, పరీక్ష పేపర్లు దిద్దాల్సినవి ఉన్నాయని.

ఆ అమ్మాయి ఉండి ఉంటే బాగుండేది.

ఎందుకంటే మేస్త్రి బుర్ర ఒప్పుకుంది గాని చెయ్యి ఒప్పుకోలేదు. షెడ్డులో ఒంటరిగా నిలబడి చూస్తే ఆ ఆరు మీటర్లూ ఆయనకి బోసిగా కనిపించాయి. సరిగ్గా సరిపోయిందంటే, ఏ మాత్రం తేడా వచ్చినా తగ్గుతుందన్నమాటే కదా? తగ్గితే తెగులు చావదు. తెగులు చావకపోతే లేయా తోట పోతుంది. తనకి ప్రాణం ఇచ్చిన మనిషికి కొలిచినట్టు ఇస్తావా పున్నారావ్, కొసరు లేకుండా ఇస్తావా, అని లోపల ఎవరో అడిగినట్టయింది. ఊళ్ళో ప్రతి అడ్డమైనవాడికీ వేసిన కొసరు ఆమెకి వెయ్యకపోతే ఎలా?

ఫేజుకి ఒకటి చొప్పున ఇంకో మూడు కాయిళ్ళు చుట్టాడు. గొట్టానికి ఇంకో మీటరున్నర ముక్క అతికించాడు. అన్నీ సమంగానే పడ్డాయని తనకి తానే చెప్పుకుని తృప్తిగా ఇంటికెళ్ళి భోంచేశాడు.

మర్నాడు లేయా మొదటి కోత రెండు బుట్టలు తెచ్చింది. అసలు నమూనాకి ముందు ఇది సరిచూసుకోవడానికి. పొడుగాటి రేకు తొట్టి నిండా వేడినీళ్ళు నింపి, రెండు బుట్టల కాయలూ ఒకేసారి వదిలారు. మేస్త్రి థర్మామీటరుని తొట్టి చివర, నీళ్ళు బయటికి పొర్లే చోట పెట్టాడు. అక్కడ యాభై రెండు చూపిస్తోంది.

"చూశారా, కొసరు వేశాను కాబట్టి సరిపోయింది. లేకపోతే ఆరు డిగ్రీలు తగ్గిపోయేది," అన్నాడు ప్రభాకరరావుతో.

ప్రభాకరరావు తల ఊపాడు. పది నిమిషాలకి తీసిన కాయలు తడితడిగా మెరిసిపోతున్నాయి. లేయా ఒక్కొక్కటీ గుడ్డతో తుడిచి గడ్డిలో పేర్చింది. తొట్టి నోటి దగ్గర, గొట్టం నీళ్ళు పడే చోటి కాయలు తీసేటప్పుడు మాత్రం చెయ్యి విదిలించుకుంది.

"ఇక్కడ చురుక్కుమంటుందండీ," అంది.

"వేడినీళ్ళు చురుక్కుమనక చల్లగా ఉంటాయా లేయమ్మా," అని నవ్వేశాడు మేస్త్రి.

మూడో రోజు పొద్దున్నే లేయా షాపు ముందు నిలబడింది. కొంగులోంచి నాలుగు కాయలు తీసి బల్ల మీద పెట్టింది. తొడిమ చుట్టూ గోధుమరంగు చారలు, తోలు మీద కమిలిన మచ్చలు. నొక్కితే లోపల కొంత రాయిలా ఉంది, కొంత జావగా ఉంది. అది తెగులు కాదు. ఉడికిన కాయ.

"సగం ఇలా అయినయ్యండి. సగం బాగానే ఉన్నయ్," అంది. గొంతు ఎత్తలేదు. ఎత్తి ఉంటే బాగుండునని మేస్త్రికి అనిపించింది. "ప్రభాకరరావు గారు ఎల్లుండికి నమూనా పంపాలంటున్నారు. లేకపోతే వేరే తోట చూసుకుంటారంట. నాకేం తోచట్లేదండి, మీరే చెప్పాలి."

మేస్త్రి సోడా కొట్టు ఫోను నుంచి బెజవాడకి ట్రంకాల్ చేశాడు. అరగంట తర్వాత లైను దొరికింది. అటునుంచి రాజ్యలక్ష్మి ఒక్కటే అడిగింది.

"ఎన్ని కాయిళ్ళు బాబాయ్?"

ఆయన చెప్పాడు. "పదిహేను."

ఆమె ఇంకో ప్రశ్న వేసింది.

"మోటారులో ఒక్క చుట్టు ఎక్కువ వెయ్యవు కదా బాబాయ్ నువ్వు?"

"వెయ్యనమ్మా."

"మరి?"

"ఆవిడకి తక్కువైపోద్దేమో అని..." అని ఆగిపోయాడు. రాజ్యలక్ష్మికి ఆ మణికట్టు కథ తెలుసు. తిట్టలేదు. "మూడు కాయిళ్ళు ఆరు డిగ్రీలు. నోటి దగ్గర యాభై ఎనిమిది పడి ఉంటుంది. నువ్వు చివర చూశావు. చల్లటి కాయలు నీళ్ళ వేడి తాగేశాక మిగిలింది చూశావు. థర్మామీటరు నోటి దగ్గర పెట్టు. మళ్ళీ చెయ్యి," అంది.

షెడ్డుకి వెళ్ళి చూస్తే యాభై ఎనిమిదే. ఆ పిల్ల నూజివీడు రాకుండానే చెప్పేసింది. లేయా చెయ్యి అంతకు ముందే చెప్పింది, వినలేదు అంతే. మేస్త్రి సిగ్గుతో చితికిపోయాడు. మూడు కాయిళ్ళ తీగలూ ఊడదీశాడు. పాదరసం దిగి యాభై రెండు దగ్గర నిలబడింది.

ప్రభాకరరావు ఊరుకునే రకం కాదు. లేయా తోట నుంచి ఇంకో బుట్టన్నర కాయలు తెప్పించి తొట్టిలో వేయించి, థర్మామీటరు తీసుకెళ్ళి చివర పెట్టాడు. నలభై ఎనిమిదికి పడిపోయింది.

"ఇదిగో! ఇప్పుడు చివర తెగులు చావదు. అటు చూస్తే ఉడికింది, ఇటు చూస్తే చాలట్లేదు. పున్నారావ్, ముందు నుయ్యి వెనక గొయ్యిలా పెట్టావు గదయ్యా నన్ను!"

గొట్టం తప్పు కాదని మేస్త్రికి తెలుసు. గొట్టం తన మాట నిలబెట్టుకుంది. అది యాభై రెండు ఇస్తానంది, ఇచ్చింది. లోటు కాయల దగ్గరుంది. కానీ కాయల్ని ఏం చెయ్యాలో మోటారు మేస్త్రికి ఏం తెలుస్తుంది?

తొట్టి చివర నుంచి పొర్లిన వెచ్చటి నీళ్ళు కాలవ కట్టి షెడ్డు వెనక నేల మీద పారుతున్నాయి. లేయా ఆ నీళ్ళలో కాళ్ళు కడుక్కుంటూ అలాగే నిలబడిపోయింది.

"మేస్త్రి గారూ, ఈ నీళ్ళు ఊరికే పోతున్నయ్ గదా. ఇక్కడో గోలెం పెట్టి, కాయల్ని ముందు దీంట్లో నానేద్దాం. చన్నీళ్ళు తల మీద పోసుకునేముందు ఒంటి మీద కాసిని చల్లుకోమా? అలాగ కాయ కూడా వెచ్చబడి వస్తే, తొట్టిలోకెళ్ళాక అంత వేడి లాక్కోదు. పైగా రెండేసి బుట్టలు కుమ్మరించడమేంటండీ, అరబుట్ట అరబుట్ట వేసుకుందాం. పొద్దుంది, నాకు చేతులున్నయ్."

మేస్త్రి వెంటనే ఒక గోలెం దొర్లించుకొచ్చి కాలవ దగ్గర పెట్టాడు. ప్రభాకరరావు నోరు మూసుకున్నాడు, అది చిన్న విషయం కాదు.

ఆ రోజు ఎండ మండిపోతోంది. డ్రమ్ములో నీళ్ళు కూడా వేడెక్కితే లెక్కంతా తలకిందులవుతుందని, మేస్త్రి పైకెక్కి డ్రమ్ము మీద తడి గోనెలు కప్పి, తాటాకు పందిరి వేశాడు. లోపలికి వచ్చే నీళ్ళు ఇరవై ఎనిమిది ఉన్నాయా లేదా అని గంటకోసారి చూశాడు. లేయా కొత్తగా కోసిన కాయలు వెచ్చటి గోలెంలో ముందు నానబెట్టి, అరబుట్ట చొప్పున తొట్టిలోకి దింపింది. మొదటి విడత పడగానే మేస్త్రి నోటి దగ్గర చూశాడు, యాభై రెండు. చివరికి నడిచాడు. పాదరసం యాభై ఒకటి మీద నుంచి కొద్దిగా దిగి, యాభైకి పైనే ఆగింది. పది నిమిషాలూ అక్కడే ఉంది.

"చాలమ్మా?" అని అడిగాడు, ఎవర్ని అడుగుతున్నాడో తెలియకుండానే.

"చాలండి," అంది లేయా.

నాలుగు బుట్టలూ ఎనిమిది విడతలుగా ముంచారు. ప్రతిసారీ మేస్త్రి నోటి నుంచి చివరికీ, చివరి నుంచి నోటికీ తిరిగాడు. సాయంత్రానికి బుట్టలు కుట్టి లారీకి ఎక్కించారు. ముంచిన వాటిలోంచి ఒక డజను కాయలు లేయా తోట పాకలో తన మంచం కింద గడ్డిలో దాచుకుంది, ఏమవుతాయో రోజూ చూసుకోవడానికి. మేస్త్రి రోజూ సాయంత్రం సైకిలు మీద ఆగిరిపల్లి వెళ్ళి ఆ డజనూ తిప్పి తిప్పి చూసి వచ్చేవాడు. ఆయన భార్య సుభద్ర, "పురిటి పిల్లని చూడ్డానికెళ్ళినట్టు వెళుతున్నారు," అని నవ్వేది. కాయలు పసుపు తిరిగాయి. మచ్చ రాలేదు. వాసన మాత్రం పాకంతా నిండిపోయింది.

పదకొండో రోజున బొంబాయి నుంచి టెలిగ్రాం వచ్చింది. సరుకు శుభ్రంగా చేరింది, తోట మొత్తం పంపండి అని. ప్రభాకరరావు ఆ కాగితం పట్టుకుని స్కూటరు మీద తోటకి తానే వెళ్ళి చదివి వినిపించాడు. తర్వాత షాపుకొచ్చి, "పున్నారావ్, నీకు నేను రుణపడ్డానయ్యా," అన్నాడు. "నాక్కాదండీ, ఆ గోలెం పెట్టమన్నావిడకి," అన్నాడు మేస్త్రి.

తోట ఖాళీ అయ్యాక, ఆఖరి కోత రోజున, లేయా ఒక గంప కాయలు నెత్తిన పెట్టుకుని షాపుకి వచ్చింది. మళ్ళీ ఏడాదికి తోట తనకే రాసిచ్చారని చెప్పింది. బల్ల మీద సామానంతా పక్కకి జరిపించి, ఐదేసి చొప్పున కాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఇరవై సార్లు లెక్కపెట్టి, "వంద," అంది. తర్వాత గంప అడుగున చెయ్యి పెట్టి ఇంకో ఐదు తీసి, "ఇది కొసరు," అంది.

మేస్త్రి కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. దాచుకోలేదు.

"నీ బుట్టెడు కాయలు ఉడికించాను లేయమ్మా నేను. నీకు మంచి చేద్దామనే ఉడికించాను. నాకు ఇంత ఎందుకు తెచ్చావు? నేను నీకు ఎంత చేసినా తీరేది కాదని, ఏడేళ్ళనుంచి కొసర్లు వేస్తానే ఉన్నాను."

లేయాకి ఆ మాట కొత్తగా వినపడింది. గోడకి మూడు కాయిళ్ళు మేకుకి వేలాడుతున్నాయి, గొట్టం మీంచి ఊడదీసినవి. వాటి వంకా, ఆయన వంకర మణికట్టు వంకా చూసింది.

"ఎప్పుడో జరిగిందానికి ఇన్నాళ్ళా అండీ?"

"ఆ రోజు నన్ను ఒక్కటే కొట్టావు," అన్నాడు మేస్త్రి. "అంత కంగారులో ఎవరైనా నాలుగైదు వేస్తారు. నేనైతే వేసేవాణ్ణి. నువ్వు రెండోది వెయ్యలేదు. ఎప్పుడూ అడగలేదు నిన్ను, ఎందుకు వెయ్యలేదు?"

లేయా ఒక క్షణం ఆలోచించింది. ఇందులో ఆలోచించడానికి ఏముందో ఆమెకి అర్థం కాలేదు.

"మొదటి దెబ్బకే మీ చెయ్యి ఊడొచ్చేసింది గదండీ," అంది. "ఇంకెందుకు కొడతాను?"

మేస్త్రి చాలాసేపు నవ్వాడు. తర్వాత ఆ ఐదు కాయలూ విడిగా తీసి పెట్టుకున్నాడు, వాటిలో రెండు బెజవాడ బస్సులో రాజ్యలక్ష్మికి పంపించాడు.